ఈసారి ఇంక్రిమెంటు 9 కాదు, 4 శాతం: సిబ్బందికి లెక్కతో ఎలా చెప్పాలి

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నాను. 20 మంది పనిచేస్తున్నారు. పోయినేడాది అందరికీ 9% పెంచాను, ఈ ఏప్రిల్‌లో 4 మించి ఇవ్వలేను. మా దగ్గర జీతమంటే బేసిక్, డీఏ మాత్రమే. దసరాకు ఒక నెల జీతం బోనస్ ఇస్తాం. నేను నెలకు 50,000 తీసుకుంటాను, అది ఇతర ఖర్చుల్లోనే రాశాను. రెండేళ్ల లెక్కలు జత చేస్తున్నాను. మీటింగ్ పెట్టి చెప్పాలి. ఏం చెప్పాలి, ఎంతవరకు చూపించాలి? మాటల రూపంలో రాసిస్తే చదువుకుని వెళ్తాను.

సమాధానం:

ప్రసంగం కంటే ముందు ఒక అంకె తేల్చుకోవాలి. మీ యూనిట్‌లో ఒక్క శాతం పెంపు ఏడాదికి ఎంత ఖర్చు? ఇది చేతిలో లేకుండా మీటింగుకు వెళ్తే "ఇంకో రెండు శాతం వేస్తే ఏం పోతుంది సార్" అన్న మొదటి ప్రశ్నకే తడబడతారు.

మీరు పంపిన జీతాల పట్టీ ప్రకారం హెల్పర్లు 8 మంది 13,000 చొప్పున, మెషీన్ ఆపరేటర్లు 7 మంది 16,000 చొప్పున, ప్రింటింగ్, డై కటింగ్ చూసే సీనియర్లు ముగ్గురు 20,500 చొప్పున, సూపర్‌వైజర్, అకౌంటెంట్ 24,000 చొప్పున. మొత్తం నెలకు 3,25,500. ఇందులో ఒక శాతం 3,255, ఏడాదికి 39,060. చాలామంది యజమానులు లెక్క ఇక్కడితో ఆపేస్తారు. కానీ జీతం పెరిగితే దాన్ని పట్టుకుని ఇంకో నాలుగు పెరుగుతాయి. బోనస్ ఒక నెల జీతం కాబట్టి 3,255 పెరుగుతుంది. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల జీతం, నెలకు 26 రోజుల లెక్కన. అంటే జీతంలో 4.81%, కాబట్టి 1,879 పక్కన పెట్టాలి. ఈఎస్ఐలో యజమాని వాటా 3.25%. అది 21,000 లోపు వాళ్లకే కాబట్టి 18 మంది మీద 1,082. పీఎఫ్‌లో మీ వైపు ఖర్చు, ఇన్సూరెన్స్, నిర్వహణ చార్జీలతో కలిపి 13%. అయితే మీరు 15,000 పరిమితి మీదే కడుతున్నారు. ఆ పరిమితి దాటినవాళ్లకు జీతం పెరిగినా పీఎఫ్ పెరగదు, ఎనిమిది మంది హెల్పర్లకే పెరుగుతుంది. అది 1,622. అన్నీ కలిపితే ఒక శాతానికి 46,898. గుండుగుత్తగా 47,000 అనుకోండి.

ఇక ఏడాది లెక్క. అమ్మకాలు 380 లక్షల నుంచి 393 లక్షలయ్యాయి, 3.4% పెరుగుదల. పేపర్ కొనుగోలు 247 నుంచి 267.2 లక్షలకు, అంటే 8.2% పెరిగింది. జీతాల ఖర్చు పీఎఫ్, బోనస్ లాంటివన్నీ కలిపి 45.8 నుంచి 49.7కు చేరింది. కరెంటు, గమ్, స్టిచ్చింగ్ వైరు, రవాణా, అద్దె, మీ 50,000 అన్నీ కలిసిన ఇతర ఖర్చులు 53.2 నుంచి 56కు, వడ్డీ 11.4 నుంచి 12కు. మిగిలింది పోయినేడాది 22.6 లక్షలు, ఈ ఏడాది 8.1 లక్షలు.

ఈ 8.1 లోంచి మెషీన్ లోను అసలు కిస్తీ నెలకు 30,000, ఏడాదికి 3.6 లక్షలు పోతుంది. వడ్డీ ఖర్చులో రాసుకున్నారు కానీ అసలు ఖర్చుల్లో కనపడదు, లాభంలోంచే కట్టాలి. అది పోతే 4.5 లక్షలు. ఇప్పుడు 9% ఇస్తే 4.22 లక్షలు అవుతుంది, చేతిలో 28,000 మిగులుతుంది. 4% ఇస్తే 1.88 లక్షలు, 2.62 లక్షలు మిగులుతుంది. అదీ మీ ఒక నెల జీతాల కంటే తక్కువే. మీ నిర్ణయానికి అసలు కారణం ఇదే. దీన్ని అలాగే చెప్పండి, వేరే కారణం వెతకకండి.

పంపకంలో మాత్రం ఒక మార్పు సూచిస్తాను. అందరికీ సమానంగా 4% అంటే న్యాయంగా వినిపిస్తుంది కానీ హెల్పర్‌కు 520, సూపర్‌వైజర్‌కు 960 పెరుగుతుంది. పెంపు తక్కువైన ఏడాది ఆ భారం ముందు తగిలేది కింది జీతాలకే. అదే 13,020 రూపాయలను తలకింత అని 20 మందికి పంచితే ఒక్కొక్కరికి 651 వస్తుంది. హెల్పర్‌కు అది 5%, సూపర్‌వైజర్‌కు 2.7%. ఇలా చేస్తే పైవాళ్లు నొచ్చుకుంటారు, పనితనానికి తేడా లేదన్న మాట వస్తుంది. మధ్యేమార్గంగా హెల్పర్లకు 5% (650), ఆపరేటర్లకు 4% (640), సీనియర్లకు 4% (820), సూపర్‌వైజర్, అకౌంటెంట్లకు 2.5% (600) ఇవ్వండి. నెలకు మొత్తం 13,340, సగటున 4.1%. ఏడాది ఖర్చు అన్నీ కలిపి సుమారు 1.94 లక్షలు.

సీనియర్ల దగ్గర ఒక మెలిక ఉంది. 20,500కు 820 కలిస్తే 21,320. ఈఎస్ఐ పరిమితి 21,000 దాటిపోతుంది. ఈఎస్ఐ కంట్రిబ్యూషన్ కాలాలు ఏప్రిల్–సెప్టెంబర్, అక్టోబర్–మార్చి. కాలం మొదలయ్యాక మధ్యలో పరిమితి దాటితే ఆ కాలం చివరిదాకా కొనసాగుతారు. పెంపు ఏప్రిల్ 1 నుంచే అయితే కొత్త కాలం మొదటి రోజే పరిమితి బయట ఉంటారు. ఇంట్లో షుగర్, బీపీ మందులు వాడే పెద్దవాళ్లుంటే 820 కోసం కుటుంబం మొత్తానికి వైద్యం పోతుంది. అందుకే ఆ ముగ్గురినీ విడిగా కూర్చోబెట్టి రెండు దారులు చూపించండి. ఒకటి, నెలకు 490 పెంచి 20,990 దగ్గర ఆపడం, మిగిలిన 330ను ఏడాదికి 3,960గా ఒకేసారి ఇవ్వడం. ఇలా ఏడాదికోసారి ఇచ్చే మొత్తం ఈఎస్ఐ జీతం లెక్కలోకి వస్తుందో రాదో ముందే ఈఎస్ఐ ఆఫీసులో కనుక్కోండి. రెండోది, పూర్తి 820 తీసుకుని ఈఎస్ఐ బయటికి రావడం. అప్పుడు మీకు తలకు నెలకు 666 మిగులుతుంది. దాన్ని మీరు ఉంచుకోకుండా వాళ్ల ఆరోగ్య బీమా ప్రీమియానికి కట్టండి. ఏది కావాలో వాళ్లనే రాసిమ్మనండి. ఈ సంగతి అందరి ముందు ఎత్తకండి, మిగతావాళ్లకు "వాళ్లకేదో విడిగా ఇస్తున్నారు" అని వినిపిస్తుంది.

మీటింగ్ జీతాలిచ్చే రోజు పెట్టకండి. జీతం రోజున మనసు చేతికొచ్చిన డబ్బు మీద ఉంటుంది. నెల మధ్యలో, షిఫ్టు మొదలయ్యే ముందు, మెషీన్లు ఆపి, అందరూ కూర్చోగలిగే చోట 20 నిమిషాలు చాలు. ఆ సమయానికి జీతం లెక్క కట్టండి, షిఫ్టు అయ్యాక ఆపితే బస్సు టైమని సగం మంది చెవి పెట్టరు. ముందు రోజు సాయంత్రం సూపర్‌వైజర్‌కు, అకౌంటెంటుకు మొత్తం చెప్పేయండి. మీటింగ్ అయ్యాక అసలు ప్రశ్నలన్నీ వాళ్ల దగ్గరికే వెళ్తాయి. వాళ్లూ అప్పుడే వింటున్నట్టుంటే "నాకూ తెలీదు బాబూ" అంటారు, ఆ ఒక్క మాటతో మీరు చెప్పిందంతా కొట్టుకుపోతుంది.

బోర్డు మీద లక్షలు రాయకండి. వంద రూపాయల పెట్టెలు అమ్మితే ఎటు ఎంత పోతోందో రాయండి. 393 లక్షల్లో 267.2 అంటే ఎవరికీ బొమ్మ కట్టదు. వందలో 68 అంటే అందరికీ తెలుస్తుంది. లాభం 64% పడిపోయిందన్న అంకె నిజమే (22.6 నుంచి 8.1కి) కానీ దానితో మొదలుపెట్టకండి. అది వినగానే "కంపెనీ మూతపడుతుందా" అన్న భయం పట్టుకుంటుంది, బాగా పనిచేసే ఆపరేటరే ముందు వేరే చోటు వెతుక్కుంటాడు.

ఇప్పుడు మాటలు. మీ తీరుకు తగ్గట్టు మార్చుకోండి. అంకెల వరస మాత్రం మార్చకండి.

"అందరికీ నమస్కారం. ఇంక్రిమెంటు గురించి చెప్పడానికి పిలిచాను. ముందు అంకె చెప్పేస్తాను, తర్వాత ఎందుకో చెప్తాను. పోయినేడాది 9 శాతం పెంచాం. ఈ ఏడాది సగటున 4 శాతం పెంచుతున్నాం. హెల్పర్లకు 5, ఆపరేటర్లకు, సీనియర్లకు 4, సూపర్‌వైజర్‌కు, అకౌంటెంటుకు రెండున్నర. ఏప్రిల్ 1 నుంచే లెక్క. ఎవరి జీతమూ తగ్గడం లేదు. పోయినేడాది పెరిగింది అలాగే ఉంటుంది, దాని మీదే ఇది కలుస్తుంది. ఎవరినీ తీసేయడం లేదు. దసరా బోనస్ ఎప్పటిలాగే నెల జీతం, అదీ కొత్త జీతం మీద.

మీరు 9 అనుకుని ఉంటారు. స్కూలు ఫీజు, ఇంటి అద్దె దాన్ని బట్టే లెక్క వేసుకుని ఉంటారు. 4 వినగానే కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. అందుకే కాగితం అంటించి ఊరుకోకుండా ఎదురుగా చెప్తున్నాను.

ఈ బోర్డు చూడండి. పోయినేడాది వంద రూపాయల పెట్టెలు అమ్మితే 65 రూపాయలు పేపర్‌కు పోయేవి. మీ జీతాలు, పీఎఫ్, బోనస్ అన్నీ కలిపి 12 రూపాయలు. కరెంటు, గమ్, వైరు, లారీ కిరాయి, అద్దె అన్నీ కలిపి 14. బ్యాంకు వడ్డీ 3. మిగిలేది 6. ఈ ఏడాది అదే వందలో పేపర్ 68 అయింది. జీతాలు 12 రూపాయల 65 పైసలు. మిగతా ఖర్చులు 14 రూపాయల 25 పైసలు. వడ్డీ 3 రూపాయల 5 పైసలు. మిగిలేది 2 రూపాయలు.

ఆరు రెండెలా అయిందో చూడండి. పోయిన నాలుగులో మూడు పేపర్‌కే పోయాయి. రీలు రేటు పెరిగినప్పుడల్లా పార్టీల దగ్గరికి వెళ్లి పెట్టె రేటు పెంచమని అడిగాం. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఆర్డరు వేరే వాళ్లకిస్తామన్నారు. పేపర్ ఖర్చు 8 శాతం పైగా పెరిగితే మన అమ్మకం మూడున్నర శాతం కూడా పెరగలేదు. మీరు పని తక్కువ చేశారని కాదు. లోడు ఎప్పుడు పంపమన్నా పంపారు.

మిగిలిన ఆ రెండు రూపాయలు ఏడాదికి 8 లక్షల 10 వేలు. మెషీన్ లోను అసలు కిస్తీ దీంట్లోంచే కట్టాలి, 3 లక్షల 60 వేలు. అది పోతే 4 లక్షల 50 వేలు. మీ అందరికీ ఒక్క శాతం పెంచితే ఏడాదికి 47 వేలు అవుతుంది. 9 శాతమైతే 4 లక్షల 22 వేలు. అప్పుడు మిగిలేది 28 వేలు. ఏ ఒక్క పార్టీ డబ్బు నెల ఆలస్యమైనా మీ జీతం ఆలస్యమవుతుంది. జీతం తేదీ తప్పడం నాకిష్టం లేదు. ఇప్పుడు ఇస్తున్న పెంపుకు 1 లక్షా 94 వేలు అవుతుంది. రెండున్నర లక్షలు మిగులుతాయి. అది మీ అందరి ఒక నెల జీతం కంటే తక్కువ. అయినా ఆ మాత్రం చేతిలో ఉండాలి.

ఎనిమిది మంది హెల్పర్లకు ఎక్కువ శాతం ఎందుకని అడగొచ్చు. 13 వేల మీద 4 శాతమంటే 520. ఈ రోజుల్లో అది చాలదు. అందుకని పైవాళ్ల శాతం కొంత తగ్గించి ఇటు వేశాం. వాళ్లతో ముందే మాట్లాడాను.

నా సంగతి కూడా చెప్తాను. నేను నెలకు 50 వేలు తీసుకుంటాను. అది ఆ 14 రూపాయల 25 పైసల్లోనే ఉంది. ఈ ఏడాది దాన్ని పెంచడం లేదు.

ఇప్పుడు ఒక మాట ఇస్తున్నాను. సెప్టెంబర్ 30 నాటికి ఆరు నెలల లెక్క తీస్తాం. పేపర్ ఖర్చు వందకు 67 లేదా అంతకంటే తక్కువైతే అక్టోబర్ 1 నుంచి అందరికీ ఇంకో 2 శాతం కలుపుతాను. 67 పైనే ఉంటే కలపలేను. ఏదైనా సరే అక్టోబర్ 15 లోపు ఇదే చోట, ఇదే బోర్డు మీద చూపిస్తాను. రేపు ఒక్కొక్కరికీ కాగితం ఇస్తాం, పాత జీతం, కొత్త జీతం, కటింగులు, చేతికి ఎంత వస్తుందో అందులో ఉంటుంది. అడగాల్సింది ఇప్పుడే అడగండి, అందరి ముందు ఇష్టం లేకపోతే నా గదికి రండి."

ప్రసంగం ఇంతే. నెమ్మదిగా చదివితే ఆరేడు నిమిషాలు. దీంట్లో "మనమంతా ఒక కుటుంబం" అన్న మాట కావాలనే పెట్టలేదు. డబ్బు తగ్గించే రోజున ఆ మాట వాడితే, లాభమొచ్చిన ఏడాది కుటుంబం ఎక్కడికి పోయిందని అడుగుతారు. ధరల పెరుగుదల సూచీ చెప్పి 4% దానికి సరిపోతుందని వాదించడమూ వద్దు. ఆ సూచీ దేశం సగటు. మీ హెల్పర్ ఇంటి ఖర్చులో అద్దె, బియ్యం, ఫీజు వాటా వేరు, అతనికి ఆ అంకె అబద్ధంలా తోస్తుంది. "9, 4 కలిపి రెండేళ్లలో 13 ఇచ్చాను" అని కూడా అనకండి. నిజానికి ఆ లెక్క 13.36 (109ని 1.04తో హెచ్చిస్తే 113.36). కానీ పోయినేడాది ఇచ్చినదాన్ని ఈ ఏడాది మళ్లీ చూపిస్తే ఇచ్చిన దానికి లెక్క అడుగుతున్నట్టుంటుంది.

శాతాల దగ్గర మీరే పొరపడకండి. 9 నుంచి 4కు వచ్చిందంటే 5 పాయింట్లు తగ్గింది. "5 శాతం తగ్గించాం" అని మీ నోటితో అన్నారంటే సాయంత్రానికి టీ కొట్టు దగ్గర "జీతంలో 5 శాతం కోశారు" అని మారుతుంది. పెంపు శాతం, జీతం శాతం రెండూ వేరని మనకు తెలిసినంత తేలిగ్గా వినేవాళ్లకు అందదు. అందుకే ప్రసంగంలో తగ్గింపును శాతంలో ఎక్కడా చెప్పలేదు. పోయినేడాది ఇంత, ఈ ఏడాది ఇంత అనే ఉంచాను.

మర్నాడు ఇచ్చే కాగితం దగ్గర అసలు పేచీ మొదలవుతుంది. హెల్పర్ 650 పెరుగుతుందని విన్నాడు. కాగితంలో చేతికొచ్చేది అంత ఉండదు. పీఎఫ్ 12% అంటే 78, ఈఎస్ఐ 0.75% అంటే 5 రూపాయలు పోతే చేతికి 567. మాట ఒకటి, చేత ఒకటి అనుకుంటాడు. కాబట్టి కాగితం మీద ఈ వరుసలన్నీ విడివిడిగా ఉండాలి. కింద ఇంకో లెక్క కూడా వేయించండి: ఈ 650 కోసం కంపెనీకి నెలకు అయ్యేది 841. పీఎఫ్‌లో యజమాని వైపు 84.50, ఈఎస్ఐ 21, బోనస్ వాటా 54, గ్రాట్యుటీ 31. చేతికి 567, కంపెనీకి 841, మధ్యలో 274. ఇందులో చాలా భాగం అతని పేరు మీదే జమవుతోందని, బోనస్ వాటా దసరాకు చేతికే వస్తుందని అకౌంటెంట్ ఒక్కొక్కరికీ నోటితో చెప్పాలి. గ్రాట్యుటీ మాత్రం ఐదేళ్ల సర్వీసు నిండిన వాళ్లకే మామూలుగా అందుతుంది. రెండేళ్ల క్రితం చేరిన కుర్రాడికి దాన్ని అప్పుడే వచ్చేసిన డబ్బులా చెప్పొద్దు.

ఆపరేటర్ కాగితం వేరుగా ఉంటుంది. 16,000 మీద 640 పెరిగితే పీఎఫ్ కటింగు పెరగదు, ఇప్పటికే 15,000 మీద 1,800 కడుతున్నాడు కాబట్టి. ఈఎస్ఐ 5 రూపాయలే పోతుంది, చేతికి 635 వస్తుంది. హెల్పర్, ఆపరేటర్ పక్కపక్కన కూర్చుని కాగితాలు పోల్చుకుంటారు, అది ఎవరూ ఆపలేరు. "నాకు 650 వేసి 567 ఇచ్చారు, వాడికి 640 వేసి 635 ఇచ్చారు" అంటారు. ఈ తేడా ఎందుకో సూపర్‌వైజర్‌కు ముందే వివరించి ఉంచండి.

మీటింగులో తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది: "జీఎస్టీ తగ్గింది కదా సార్, కంపెనీకి మిగిలింది కదా?" 2025 సెప్టెంబర్ 22 నుంచి అట్టపెట్టెల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి వచ్చింది, టీవీలో అందరూ చూశారు. కానీ అదే రోజు మనం కొనే క్రాఫ్ట్ పేపర్ మీద 12 నుంచి 18కి పెరిగింది. జవాబు మళ్లీ వంద రూపాయల్లోనే చెప్పండి. వంద రూపాయల పెట్టెల్లో 68 రూపాయల పేపర్ ఉంది, దాని మీద 18% అంటే 12 రూపాయల 24 పైసలు ముందే కడుతున్నాం. పెట్టె అమ్మితే పార్టీ దగ్గర వసూలయ్యేది 5. మధ్యలో 7 రూపాయల 24 పైసలు రిఫండు వచ్చేదాకా ఇరుక్కుపోతుంది. నెలకు 32 లక్షల 75 వేల అమ్మకానికి అది సుమారు 2 లక్షల 37 వేలు. అది నష్టం కాదు, తిరిగొస్తుంది; వచ్చేదాకా ఓడీలోంచి తెచ్చి వాడతాం, వడ్డీ పెరగడానికి అదీ ఒక కారణం. జీఎస్టీ మన జేబులోది కాదు, తగ్గినా పెరిగినా జీతానికి దానితో నేరుగా సంబంధం లేదు. "నష్టపోయాం" అని మాత్రం అనకండి. అకౌంటెంట్ రిఫండు వచ్చిన రోజు ఎవరికో చెప్తాడు, మీరు అబద్ధమాడినట్టవుతుంది.

రెండో ప్రశ్న మీ కారు గురించో, ఇంటి గురించో ఉంటుంది. పైకి అడగకపోయినా మనసులో ఉంటుంది. అందుకే 50,000 సంగతి ప్రసంగంలోనే పెట్టాను. ఆ అంకె చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే ఆ వాక్యం తీసేయండి కానీ "నేనూ తగ్గించుకున్నాను" అని అంకె లేకుండా అనకండి. ఈ ఏడాది కంపెనీ పేరు మీద కారు కొని ఉంటే, మీటింగుకు ముందే ఆ ఖర్చు ఎందుకో మీ దగ్గర నిజాయితీ గల జవాబు ఉండాలి. లేకపోతే పెంపు మీద ఇంకోసారి ఆలోచించండి.

మూడోది, "వేరే యూనిట్లో 18 వేలు ఇస్తున్నారు" అన్న మాట. అక్కడికక్కడే వాదించకండి. ఆ ఆపరేటర్‌ను విడిగా పిలిచి, పక్క యూనిట్లో పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, ఆ 18 వేలు ఎన్ని గంటలకు, ఓవర్‌టైం కలిపా అని కనుక్కోమనండి. 16,640కు బోనస్ నెలసరి వాటా కలిపితే 18,027 అవుతుంది. పీఎఫ్‌లో మీ వాటా పైన ఉంటుంది. అయినా అతనికి బయట నిజంగానే ఎక్కువ వస్తుంటే, అతను వదలకూడని మనిషైతే, రేటు సవరణ వేరే నెలలో వేరే పేరుతో, చేసే పని మారిందన్న కారణంతో చేయండి. ఈ మీటింగు తర్వాత వారంలో ఒక్కరికి రహస్యంగా వెయ్యి పెంచితే మిగతా 19 మందికి పది రోజుల్లో తెలిసిపోతుంది.

అక్టోబర్ మాట గురించి. వందకు 67 అన్న గీత ఎలా వచ్చిందంటే, పేపర్ ఖర్చు వందకు ఒక రూపాయి తగ్గితే ఆరు నెలల అమ్మకం మీద సుమారు 1 లక్షా 96 వేలు మిగులుతుంది. మిగతా ఆరు నెలలకు 2% అదనపు పెంపు ఖర్చు 47 వేలు, ఏడాదంతా వేసుకున్నా 94 వేలు. కాబట్టి గీత దాటితే ఇవ్వగలరు. ఇంకా తేలికైన గీత పెట్టి మెప్పు పొందాలని చూడకండి, అందనంత దూరం గీత పెట్టి ఊరించకండి. ఒక జాగ్రత్త: పేపర్ శాతం లెక్కలో స్టాకు ఆటాడుతుంది. సెప్టెంబర్‌లో రెండు లారీల రీళ్లు దించుకుని, వాటన్నిటినీ ఖర్చులో రాస్తే శాతం అమాంతం పెరుగుతుంది. మొదటి స్టాకు, కొనుగోళ్లు కలిపి చివరి స్టాకు తీసేసిన వాడకమే లెక్కలోకి తీసుకోవాలి. సెప్టెంబర్ 30 సాయంత్రం గోడౌన్లో రీళ్ల బరువు లెక్క పెట్టేటప్పుడు సిబ్బందిలోంచి ఇద్దరిని పక్కన ఉంచుకోండి.

వేస్టేజీ తగ్గిస్తే ఇంకా ఇస్తానని కలపాలని మీకు అనిపించవచ్చు. అంకె చూస్తే ఆశ పుడుతుంది. 267 లక్షల పేపర్లో ఒక శాతం తుక్కు తగ్గితే 2.67 లక్షలు. తుక్కు అమ్మితే అందులో మూడో వంతు తిరిగొస్తుందనుకున్నా నికరంగా 1.78 లక్షలు, అంటే దాదాపు 3.8% పెంపుకు సమానం. కానీ ఈ మీటింగులో ఆ మాట ఎత్తకండి. తక్కువ పెంపు చెప్పిన చోటే వేస్టేజీ అంటే తప్పు మీదేనని వినిపిస్తుంది. మే నెలలో విడిగా మొదలుపెట్టండి. అంతకు ముందు రెండు నెలలు రోజూ షిఫ్టు చివర ట్రిమ్, పంచింగ్ తుక్కు, పాడైన షీట్లు వేర్వేరుగా తూచి రాయించండి. ఇప్పుడు ఎంత పోతోందో తూకం లేకుండా తగ్గిందని ఎవరూ నిరూపించలేరు. రీలు లోపం వల్ల పోయిన పేపర్‌ను, పార్టీ సైజు మార్చినందువల్ల మిగిలిన షీట్లను ఆపరేటర్ ఖాతాలో వేయకండి.

కాగితాల మీద అకౌంటెంటుతో పాటు మీరూ సంతకం పెట్టండి. తేదీ ఏప్రిల్ 1 అని ఉండాలి. హెల్పర్ల కొత్త 13,650ని వాళ్ల కేటగిరీకి ఏప్రిల్ 1 నుంచి వచ్చే డీఏతో కలిపిన కనీస వేతనంతో ఒకసారి సరిచూడండి. డీఏ ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. కనీస వేతనం పెరిగినందుకు మీరు చట్టప్రకారం ఎలాగూ ఇవ్వాల్సిన మొత్తం ఈ 650లో ఉంటే, దాన్ని ఇంక్రిమెంటుగా చెప్పుకోకూడదు. అలాంటిది ఉందని తేలితే మీటింగుకు ముందే శాతాలు తిరిగి వేసి, ఆ భాగాన్ని కాగితంలో డీఏ సవరణ అని వేరే వరుసలో చూపించండి.